కసాయి డింగ్, చక్రవర్తి షున్: ఇద్దరిదీ ఒకే 'వూ వెయ్' అనొచ్చా?

అందరికీ నమస్కారం. తులనాత్మక మతాల కోర్సులో వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను.

తావోయిజంలోని 'వూ వెయ్' అంటే బలవంతం లేకుండా సాగే పని. 'లీ' అంటే కన్ఫ్యూషియస్ చెప్పిన ఆచార మర్యాద. రెండూ పరస్పర విరుద్ధమని రాయడం మొదలుపెట్టాను. ఆధారం తావోయిజం మూలగ్రంథం దావో ద జింగ్ 38వ అధ్యాయం. అందులో ఆచారం పాటించేవాడు ఎదుటివాళ్లు స్పందించకపోతే చొక్కా చేతులు పైకి మడిచి వాళ్లను లాక్కొస్తాడు. మర్యాద చివరికి బలవంతమైపోతుందని ఇంత సూటిగా చెప్పింది నేను ఇంకెక్కడా చదవలేదు.

కానీ కన్ఫ్యూషియస్ మాటల సంకలనం అనలెక్ట్స్ 15వ భాగంలో 'వూ వెయ్' అనే మాటే ప్రాచీన చైనా చక్రవర్తి షున్ గురించి వస్తుంది. ఆయన వినయంగా దక్షిణం వైపు తిరిగి కూర్చున్నాడు, రాజ్యం సాగిపోయింది. డెబ్బై ఏళ్లకు మనసు కోరినట్టు నడిచినా హద్దు దాటలేదని కన్ఫ్యూషియస్ తన గురించీ చెప్పుకున్నాడు. అటు తావోయిస్టు గ్రంథం జువాంగ్‌జీలోని కథలో ఎద్దును కోసే కసాయి డింగ్‌కి కూడా ఎద్దు ఒకే మొత్తం శరీరంగా కనబడడం ఆగిపోవడానికి మూడేళ్లు పట్టింది. కీళ్ల సందుల్లోంచే పోనిస్తాడు కాబట్టి అతని కత్తి 19 ఏళ్లయినా అరగలేదు.

అంటే సాధన ఇద్దరికీ ఉంది. తేడా కత్తి దేన్ని అనుసరిస్తుందన్న దగ్గరే ఉందని నాకనిపిస్తోంది: డింగ్‌కి ఎద్దు శరీరంలో సహజంగా ఉన్న సందులు, కన్ఫ్యూషియస్‌కి పూర్వీకులు ఏర్పరచిన పద్ధతులు. ఈ వాదన నిలబడుతుందా? 38వ అధ్యాయం తప్పుపట్టేది ఆచారాన్నా, మనసు లేని ఆచారాన్నా? చదివినవాళ్లు దయచేసి చెప్పండి.