అప్‌డేట్: "11 తొమ్మిదులు" ఉన్నా ఫైళ్లు ఎందుకు తెరుచుకోలేదు?

నా ప్రశ్న: "క్లౌడ్ స్టోరేజ్‌కి 99.999999999% అంటున్నారు కదా, మరి 80 నిమిషాలపాటు ఇన్‌వాయిస్‌లు డౌన్‌లోడ్ కాక, సర్వీస్ అందుబాటులో లేదనే 503 ఎర్రర్ ఎందుకొచ్చింది, పరిహారం వస్తుందా?"

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఒక్క ఫైలూ పోలేదు, చెక్‌సమ్‌లన్నీ సరిపోయాయి. ఆ 11 తొమ్మిదులు డ్యూరబిలిటీవి, అంటే దాచింది చెదిరిపోదని, కోటి ఫైళ్లు పెడితే సగటున 10,000 ఏళ్లకు ఒకటి పోవచ్చని లెక్క. అడిగిన క్షణంలో చేతికి రావడం అవైలబిలిటీ, మా ఒప్పందంలో దానికి నెలకు 99.9% మాత్రమే, అంటే 30 రోజుల్లో 43 నిమిషాల దాకా ఆగినా మాట తప్పినట్టు కాదు.

పరిహారంగా బిల్లులో ఇచ్చే క్రెడిట్ రాలేదు. స్టోరేజ్ కంపెనీ వాళ్లు గడియారం చూడరు, 5 నిమిషాలకోసారి ఎర్రర్ శాతం తీసి నెలంతా సగటు కడతారు. మాకు దాదాపు సగం రిక్వెస్టులే ఫెయిలయ్యాయి కాబట్టి 80 నిమిషాలు కాస్తా 40 అయ్యాయి, నెల 99.907% దగ్గర గట్టెక్కింది (వాళ్లకి!). ఆ 43 నిమిషాలు దాటినా బిల్లులో కొంత శాతం తగ్గేది, అదీ క్లెయిమ్ వేస్తేనే, మన వ్యాపార నష్టం లెక్కలోకే రాదు.

డీఎన్ఎస్ మార్చమన్న సలహాకీ దీనికీ సంబంధం లేదు. పనికొచ్చింది వేరే ప్రాంతంలోని డేటా సెంటర్లకి, అంటే రెండో రీజియన్‌కి, ఫైళ్లు కాపీ అయ్యేలా రెప్లికేషన్ పెట్టి, 503 వస్తే అక్కడి నుంచి చదివించడం. ఫైలు పాత కాపీలను దాచి ఉంచే వెర్షనింగ్ కూడా ఆన్ చేశాం, ఎందుకంటే మన స్క్రిప్టే ఫైలు డిలీట్ చేస్తే ఆ తొమ్మిదులేవీ అడ్డుపడవు.