పాయింట్ చార్జ్ చుట్టూ సిలిండర్ గీస్తే ఒకసారి జవాబు కుదిరింది, ఇంకోసారి సగమే వచ్చింది

మెహదీపట్నం, బీటెక్ మొదటి ఏడు
అందరికీ నమస్తే. మా క్లాసులో చూపించిన స్లయిడ్‌లో ఎడమ పక్క పాయింట్ చార్జ్ చుట్టూ గోళం ఉంది, కుడి పక్క పొడవాటి తీగ చుట్టూ సిలిండర్ ఉంది. రెండింటి కింద "E × వైశాల్యం = q/ε₀" అని రాశారు. మూసి ఉన్న ఉపరితలం ఏదైనా గాస్ నియమం పనిచేస్తుందని కూడా చెప్పారు. అలాగైతే పాయింట్ చార్జ్ చుట్టూ సిలిండర్ గీసినా పర్లేదు కదా అనుకుని చేసి చూశాను.

చార్జ్ 1 నానోకూలుంబ్, అది సిలిండర్ నడిమధ్యన ఉంది. సిలిండర్ వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, పొడవు 20. q/ε₀ విలువ 113 వోల్ట్-మీటర్లు. పక్కగోడ వైశాల్యం 2π × 0.1 × 0.2 = 0.1257 చదరపు మీటర్లు. భాగిస్తే మీటరుకు 899 వోల్టులు వచ్చింది. 10 సెంటీమీటర్ల గోళంతో చేసినా అదే 899! చాలా సంతోషపడ్డాను. కానీ హాస్టల్లో నా రూమ్మేట్ పొడవు 40 తీసుకుంది, తనకు 450 వచ్చింది. చార్జ్ అదే, దూరం అదే. ఫీల్డ్ రెండు రకాలుగా ఎలా ఉంటుంది? సోమవారం ఇంటర్నల్ పరీక్ష ఉంది, టెన్షన్‌గా ఉంది.

కూకట్‌పల్లి, బీటెక్ మూడో ఏడు
చెల్లీ, నువ్వు మూతలు మర్చిపోయావు. సిలిండర్‌కు పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. మూసి ఉన్న ఉపరితలం అంటే వాటిని కూడా కలపాలి. ఒక్కో మూత π × 0.01, రెండూ కలిపి 0.0628. మొత్తం వైశాల్యం 0.1885. 113ని దీనితో భాగిస్తే 599. అదే కరెక్ట్ జవాబు.

మెహదీపట్నం, బీటెక్ మొదటి ఏడు
అన్నా, ఇప్పుడు మూడు జవాబులయ్యాయి. 899, 450, 599. గోళంతో వచ్చింది మాత్రం 899 కదా, మరి దాన్ని ఏం చేయాలి?

తార్నాక, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
అమ్మా, మూతల సంగతి ఆ అబ్బాయి సరిగ్గానే పట్టుకున్నాడు. కానీ మూతలు కలిపాక మళ్లీ భాగించాడు, తప్పు అక్కడే ఉంది. నీ లెక్కలోనూ అదే తప్పు, కాకపోతే అది కనపడకుండా దాక్కుంది.

అపార్ట్‌మెంట్‌కు నీళ్ల బిల్లు వచ్చిందనుకో. మొత్తం ఎంతో బిల్లు మీద ఉంటుంది. దాన్ని ఫ్లాట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో ఫ్లాట్ ఎంత వాడిందో తెలుస్తుందా? అందరూ సమానంగా వాడుతున్నారని ముందే వేరే దారిలో తెలిసి ఉంటేనే తెలుస్తుంది. గాస్ నియమం మనకిచ్చేది మొత్తం బిల్లు, అంటే ఫ్లక్స్. నీ 113 ఆ మొత్తమే. సిలిండర్ పొడవు 20 అయినా 40 అయినా, చివరికి బంగాళదుంప ఆకారమైనా 113 మారదు. అంతవరకు మీ స్లయిడ్ మాట నిజం. దాన్ని వైశాల్యంతో భాగించి "ఇదే ఫీల్డ్" అనాలంటే ఆ ఉపరితలం మీద ప్రతి చోటా ఫీల్డ్ ఒకే బలంతో ఉండాలి, ఉపరితలానికి నిటారుగా కూడా ఉండాలి.

నీ సిలిండర్‌లో అలా ఉందో లేదో చూద్దాం. పక్కగోడ నడుము దగ్గర చార్జ్‌కు దూరం 10 సెంటీమీటర్లు, అక్కడ ఫీల్డ్ సుమారు 900. గోడ పై అంచు దగ్గర దూరం 14.1 సెంటీమీటర్లు, అక్కడ ఫీల్డ్ 450. అదీ గోడకు 45 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి గోడను నిటారుగా దాటే భాగం 318 మాత్రమే. ఒకే గోడ మీద 900 నుంచి 318 దాకా మారుతున్నదాన్ని ఒకే E అని ఎలా రాస్తాం?

మూతల వాటా కూడా చూడు. చార్జ్ ఉన్న చోట కన్ను పెట్టి చుట్టూ చూస్తే మూతలు ఎంత భాగాన్ని కప్పుతాయో అంత ఫ్లక్స్ వాటి గుండా పోతుంది. నీ సిలిండర్‌కు రెండు మూతలూ కలిపి 29.3 శాతం, గోడకు 70.7 శాతం. అంటే 113లో గోడకు దక్కేది 80 మాత్రమే. నువ్వు 113 మొత్తాన్నీ గోడకే ఇచ్చేశావు.

మెహదీపట్నం, బీటెక్ మొదటి ఏడు
సార్, అదే తప్పయితే 899 ఎలా కుదిరింది? గోళంతో అచ్చంగా అదే వచ్చింది కదా.

తార్నాక, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
మంచి ప్రశ్న. నువ్వు పొడవును వ్యాసార్థానికి సరిగ్గా రెండింతలు తీసుకున్నావు. అప్పుడు గోడ వైశాల్యం 2πR × 2R, అంటే 4πR². అది గోళం వైశాల్యమే. గోళం, దానికి సరిగ్గా పట్టే సిలిండర్ గోడ, ఈ రెండింటి వైశాల్యం ఒకటేనని ఆర్కిమెడీస్ నిరూపించాడు. సంఖ్యలు కుదిరింది అందుకే, ఫిజిక్స్ కుదిరినందుకు కాదు. మీ రూమ్మేట్ 40 తీసుకునేసరికి ఆ ముసుగు తొలగింది. పేపరు దిద్దేటప్పుడు నేను చాలా భయపడేది ఇలాంటి జవాబులకే. చివరి అంకె సరిగ్గా ఉంటుంది, దారి తప్పు. కొలతల్లో ఒకటి మార్చి మళ్లీ చేసి చూడు. జవాబులో ఉండకూడని కొలత, ఇక్కడ సిలిండర్ పొడవు, జవాబును మారుస్తోందంటే ఎక్కడో భాగించకూడని చోట భాగించావని అర్థం.

కూకట్‌పల్లి, బీటెక్ మూడో ఏడు
ఒప్పుకుంటున్నాను సార్. నాది సగటు అయింది, ఫీల్డ్ కాదు. కానీ తీగ చుట్టూ సిలిండర్ గీసినప్పుడు మూతలను వదిలేస్తాం కదా, అక్కడ ఎందుకు వదలొచ్చు?

తార్నాక, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
వదిలేయడం లేదు బాబూ, అక్కడ మూతల ఫ్లక్స్ సున్నా అని తేలుస్తున్నాం. నేను క్లాసులో ఇలా చెప్పేవాణ్ణి. నువ్వు కళ్లు మూసుకో, నేను చార్జ్‌ను కదుపుతాను. కళ్లు తెరిచాక నేను కదిపినట్టు నువ్వు కనిపెట్టలేకపోతే ఫీల్డ్ కూడా మారి ఉండకూడదు.

అంతులేని తీగను దాని పొడవునా జరిపాను. నీకు తేడా తెలియదు. కాబట్టి తీగ వెంట ఎక్కడ చూసినా ఫీల్డ్ ఒకటే. తీగను దాని అక్షం చుట్టూ తిప్పాను, అయినా తేడా తెలియదు. కాబట్టి తీగకు సమాన దూరంలో చుట్టూ ఒకటే బలం. ఇప్పుడు తీగను తలకిందులు చేశాను. ఇది ముఖ్యం. ఫీల్డ్‌లో తీగ వెంట పైకి పోయే భాగం ఏదైనా ఉంటే ఇప్పుడది కిందికి తిరగాలి. కానీ తీగ చూడటానికి ముందులాగే ఉంది. పైకీ కిందికీ ఒకేసారి ఉండలేదు కాబట్టి ఆ భాగం సున్నా. ఫీల్డ్ మూతల వెంట పక్కకు పోతుంది, మూతను దాటదు. అప్పుడు ఫ్లక్స్ మొత్తం గోడదే, గోడ మీద అంతటా సమానమే. E × 2πrL = λL/ε₀ అని ధైర్యంగా రాస్తాం. రెండు వైపులా L కొట్టేసుకుపోతుంది. సిలిండర్ పొడవు జవాబులో మిగల్లేదు, చూశావా.

పాయింట్ చార్జ్‌ను ఎటు తిప్పినా తేడా తెలియదు కానీ జరిపితే తెలిసిపోతుంది. దానికి గోళమే నప్పుతుంది.

కూకట్‌పల్లి, బీటెక్ మూడో ఏడు
ఇంకొక్కటి సార్. క్యూబ్ మధ్యలో చార్జ్ పెడితే ఒక్కో ముఖానికి q/6ε₀ అని రాస్తాం. అది సిమెట్రీతోనే కదా. మరి దాన్ని ముఖం వైశాల్యంతో భాగించి ఫీల్డ్ ఎందుకు చెప్పకూడదు?

తార్నాక, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
ఆరు ముఖాలు ఒకదానికొకటి సమానం. కానీ ఒకే ముఖం మీద ఉన్న బిందువులు సమానం కావు. ముఖం నడిమధ్య కంటే మూల √3 రెట్లు దూరం, అక్కడ ఫీల్డ్ మూడో వంతే. అందుకే ఆ సిమెట్రీ ఫ్లక్స్‌ను పంచడానికి సరిపోతుంది, ఫీల్డ్ చెప్పడానికి సరిపోదు.

బాలానగర్, కేబుల్ జాయింటింగ్ పని
సార్, నేను ఐటీఐ చదివాను, ఈ లెక్కలు అంతగా రావు. మొదట ఫ్లక్స్ అంటే మీరు ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సంగతి మాట్లాడుతున్నారనుకున్నాను. కానీ సిలిండర్, మూతలు అనేసరికి నా పని గుర్తొచ్చింది. 11 కేవీ కేబుల్ చివర కట్టేటప్పుడు బయటి కాపర్ టేప్‌ను, నల్లటి సెమికాన్ పొరను కొంత దూరం కోసేస్తాం. ఆ కోసిన అంచు మీద స్ట్రెస్ కంట్రోల్ ట్యూబ్ తప్పకుండా తొడగాలి. ఒక చోట అది సరిగ్గా కూర్చోలేదు, కొన్ని నెలలకు సరిగ్గా ఆ అంచు దగ్గరే ఇన్సులేషన్ కాలింది. కేబుల్ మధ్యలో ఎక్కడా ఏమీ కాలేదు. దీనికీ మీరు చెప్పేదానికీ సంబంధం ఉందా?

తార్నాక, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
సూటిగా ఉందండీ. కేబుల్ మధ్యలో లోపల కండక్టర్, బయట షీల్డ్, రెండూ ఒకే అక్షం మీద పొడవునా సాగుతాయి. పొడవునా జరిపినా తేడా తెలియదు. అక్కడ మీ కేబుల్ ఈ స్లయిడ్‌లోని సిలిండరే, ఫీల్డ్ నేరుగా బయటికి, షీల్డ్ వైపు పోతుంది. షీల్డ్ కోసిన చోట ఆ సమానత్వం తెగిపోతుంది. ఫీల్డ్ గీతలు షీల్డ్ అంచు దగ్గరికి గుమిగూడతాయి, ఇన్సులేషన్ ఉపరితలం వెంట కూడా పాకుతాయి. ఆ ఒత్తిడిని కొంత దూరం పొడవునా పరచడానికే మీ ట్యూబ్. అంచు దగ్గర E × 2πrL పనిచేయదు.

మెహదీపట్నం, బీటెక్ మొదటి ఏడు
అన్నా, థాంక్స్, ఇది నాకు చాలా ఉపయోగపడింది. సార్, మా పాత పేపర్లలో "1 మీటర్ పొడవున్న కడ్డీ" అని ఇస్తున్నారు. దానికీ రెండు చివర్లు ఉన్నాయి కదా, సిలిండర్ వాడొచ్చా?

తార్నాక, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
ఎంత దగ్గరగా అడిగారో చూడాలి. కడ్డీ మీద మీటరుకు 1 నానోకూలుంబ్ సమానంగా పరిచి ఉందనుకో. నడుముకు ఎదురుగా 10 సెంటీమీటర్ల దూరంలో అంతులేని తీగ సూత్రం 180 ఇస్తుంది, అసలు విలువ 176.5. రెండు శాతం తేడా, పర్లేదు. 50 సెంటీమీటర్ల దూరం పోతే సూత్రం 36 అంటుంది, అసలు విలువ 25.5. ఇక కడ్డీ చివరకు ఎదురుగా 10 సెంటీమీటర్లలో చూస్తే నిటారు భాగం 90 మాత్రమే, పైగా కడ్డీ వెంట బయటికి 81 వస్తుంది. మూత సున్నా అన్న మాట అక్కడ చెల్లదు. ప్రశ్నలో నడుము దగ్గర, కడ్డీకి బాగా చేరువలో అని ఉంటే సిలిండర్ వాడు, "r పొడవు కంటే చాలా తక్కువ కాబట్టి" అని ఒక వాక్యం తప్పకుండా రాయి. లేకపోతే కూలుంబ్ నియమంతో ఇంటిగ్రేషన్ చేయాలి.

బాలానగర్, కేబుల్ జాయింటింగ్ పని
సార్, ఆ కడ్డీ రాగిదైతే? రాగిలో చార్జ్ ఒక చోట ఉండదు కదా, సమానంగా ఎలా పరిచి ఉంటుంది?

తార్నాక, రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్
ఉండదండీ. నేను చెప్పిన అంకెలు చార్జ్ కదలని ప్లాస్టిక్ లాంటి కడ్డీకి. రాగి అయితే చార్జ్ ఒకదాన్నొకటి నెట్టుకుని చివర్లకు ఎక్కువగా చేరుతుంది. ఎంత ఎక్కువ అనేది కడ్డీ మందాన్ని బట్టి మారుతుంది. దానికి కాగితం మీద చేసే చక్కటి సూత్రం నా దగ్గర లేదు, కంప్యూటర్‌తో కడ్డీని ముక్కలు చేసి లెక్కించాలి.

మెహదీపట్నం, బీటెక్ మొదటి ఏడు
మా పేపర్లో కడ్డీ దేనిదో రాయనేలేదు సార్. రేపు క్లాసులో అడుగుతాను.