పెళ్ళి వేదికపై మిత్రుడి మాటలు: ‘ఆలు నిర్వాహకురాలు’ పద్యం వాడవచ్చునా?

ప్రశ్న అడిగిన సభ్యుడు: వచ్చే నెలలో నా ప్రాణమిత్రుడి పెళ్ళి విందులో నేను మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆంధ్రనాయక శతకంలోని ‘ఆలు నిర్వాహకురాలు భూదేవియై’ అనే సీసపద్యాన్ని చదివి వాడిని కాస్త ఆటపట్టించి, చివర ఒక్క వాక్యం మనసులోంచి చెప్పాలని ఉంది. ‘ఎన్ని తప్పులు చేసినా మావాడి మనసు బంగారం’ అని ముగింపు రాసుకున్నాను. ఇది సరిపోతుందా?

హైదరాబాదు సభ్యుడు: మంచి ఎంపిక. అది శ్రీకాకుళం జిల్లా దేవుడి మీద కాసుల పురుషోత్తమ కవి రాసిన నిందాస్తుతి. వధూవరులను లక్ష్మీనారాయణులుగా భావించడం మన ఆచారమే కనుక పద్యం మొత్తం చదివేయండి.

విశ్రాంత తెలుగు పండితుడు: కవి విషయం సరైనదే కానీ ఊరు అది కాదు. ఆ ఆంధ్ర మహావిష్ణువు కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో వెలసినవాడు. ఇక పద్యమంతా చదవడం వద్దని నా సలహా. బరువు మోసేది భూదేవి, అఖిలభారకుడనే బిరుదు మాత్రం స్వామిది. కోరికలు తీర్చే సంపద ఇందిరది, కామితార్థదుడనే ఘనత మాత్రం ఆయనది. ఇలా సాగి, బ్రహ్మను కొడుకుగా, గంగను కూతురుగా చెప్పిన తరువాత, ‘ఆండ్రు బిడ్డలు దెచ్చు ప్రఖ్యాతి గాని, మొదటి నుండియు నీవు దామోదరుడవె’ అని కవి తేల్చేస్తాడు. యశోద పొట్టకు తాడు కట్టిన కథ తెలిసినవారికి ఆ ‘దామోదరుడు’లో చమత్కారమంతా కనిపిస్తుంది, ఆ తాడు తప్ప నీకంటూ ఏముందయ్యా అని అడుగుతున్నాడన్నమాట. అయితే ‘ఆండ్రు’ అంటే భార్యలు. అప్పుడే తాళి కట్టిన వరుడి గురించి ఆ బహువచనం సభలో పలికితే పిల్ల తాతగారు ఏమనుకుంటారో ఊహించండి. మొదటి పాదం చదివి, దాని భావం చెప్పి ఆపండి.

విజయవాడ సభ్యురాలు: శుభలేఖ పైభాగంలో వేయడానికైతే ‘జానక్యాః కమలామలాంజలిపుటే’ శ్లోకమే బాగుంటుంది. మా అమ్మాయి పెళ్ళికి అదే వేయించాము.

ప్రశ్న అడిగిన సభ్యుడు: శుభలేఖలు ఎప్పుడో పంచేశారండీ, ఇది మైకులో చెప్పే మాటల సంగతి. ఒక పాదమే చదివితే దానిని వాడికి ఎలా అన్వయించాలి? మేమిద్దరం నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాము. గది అద్దె, పాలవాడి లెక్క, గ్యాసు బండ అన్నీ నేనే చూసేవాణ్ణి. ఇంటి యజమాని మాత్రం వాడినే బాధ్యత గల కుర్రాడని మెచ్చుకునేవాడు.

విశ్రాంత తెలుగు పండితుడు: మీకు కావలసింది అదే. ‘ఇన్నాళ్ళూ అఖిలభారకుడనే బిరుదు వీడిది, భారం నాది, నేటి నుంచి ఆ లెక్కల పుస్తకం నిర్వాహకురాలికి అప్పగిస్తున్నాను’ అనండి. నింద వరుడి మీద పడుతుంది, గౌరవం వధువుకు దక్కుతుంది. కానీ మీ ముగింపు వాక్యాన్ని మార్చాలి. ‘ఎన్ని తప్పులు చేసినా’ అనగానే అంతవరకు నవ్వుకున్నవన్నీ నిజమైన నేరాలయిపోతాయి. ‘మనసు బంగారం’ అనే మాట ఏ పెళ్ళికొడుకుకైనా అతుకుతుంది. వాడు ఒకనాడు చేసిన ఒక పని చెప్పండి.

గుంటూరు సభ్యుడు: మా తమ్ముడి పెళ్ళిలో ఒక స్నేహితుడు ‘వీడు నాకింకా డబ్బు బాకీ’ అని హాస్యమాడాడు. పిల్ల మేనమామ అది నమ్మి, మర్నాడు మా నాన్నగారిని పక్కకు పిలిచి అప్పుల సంగతి అడిగాడు. ఆ లెక్కల పుస్తకంలో బాకీ మాట రానీయకండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు: అయితే ముగింపు ఇలా మార్చాను: ‘మా నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ రాత్రిళ్ళు కుర్చీలో కూర్చుని మేలుకొన్నది వీడేనమ్మా.’

హైదరాబాదు సభ్యుడు: నాకు ఇది అనవసరమనిపిస్తుంది. నిందాస్తుతిలో స్తుతి లోపలే ఉంటుంది, విడిగా మళ్ళీ చెప్పడమెందుకు?

విశ్రాంత తెలుగు పండితుడు: శతకం చదివేవాడికి అది స్తుతి అని ముందే తెలుసు, పెళ్ళిలో సగంమంది మీ ఇద్దరినీ ఎన్నడూ చూడనివారు. వాక్యం బాగుంది, దాని తరువాత ఇంకేమీ చేర్చకండి. ‘అమ్మా’ బదులు ‘చెల్లెమ్మా’ అంటే మరీ మంచిది. ఆమె మీకు చెల్లెలైతే వరుడు బావ అవుతాడు, బావను వేళాకోళం చేసే హక్కు మీకు వరసతోనే వస్తుంది.

విజయవాడ సభ్యురాలు: మావైపు స్నేహితుడి భార్యను ‘వదిన’ అనే పిలుస్తారు. తెల్లారేసరికి వరస మార్చి చెల్లెమ్మా అంటే వరుడి చుట్టాలే నవ్వుతారు.

విశ్రాంత తెలుగు పండితుడు: వదినమ్మ అన్నా పరిహాసానికి వరస ఉన్నదే, కాదనను. అయినా నా ఓటు చెల్లెమ్మకే.

ప్రశ్న అడిగిన సభ్యుడు: వాడు నాకంటే ఆరు నెలలు చిన్నవాడు. ఆ లెక్కన వదిన అనడం కూడా కుదరదేమో, పెళ్ళికూతురినే అడుగుతాను.