స్వీప్ పద్ధతిలో వ్యాన్ రూట్లు: నది అడ్డొస్తే ఏం చేయాలి?

విజయవాడలో మా డిపో నుంచి పాల ట్రేలు ఆరు ఏరియాల షాపులకు వెళ్తాయి. వ్యాన్‌కు 40 ట్రేలు పడతాయి. స్వీప్ పద్ధతిలో రూట్లు వేస్తున్నాను. అంటే డిపోను కేంద్రంగా పెట్టి, `atan2(dy, dx)`తో ప్రతి ఏరియా కోణం తీసి, ఆ వరుసలో కలుపుకుంటూ పోవడం. వ్యాన్ నిండితే కొత్త వ్యాన్.

కోణం వరుసలో ట్రేలు ఇలా ఉన్నాయి: క 15, చ 20, ట 20, త 15, ప 25, మ 20.

‘క’ దగ్గర మొదలుపెడితే 35, 35, 25, 20 అయ్యి నాలుగు వ్యాన్లు కావాలి. అదే ‘చ’ దగ్గర మొదలుపెడితే 40, 40, 35తో మూడే సరిపోతాయి. అందుకే ప్రతి ఏరియా నుంచీ మొదలుపెట్టి చూస్తున్నాను.

అసలు చిక్కు ఇక్కడే. ఆ మూడు వ్యాన్లలో రెండోదానికి త, ప పడ్డాయి. ‘త’ ఇబ్రహీంపట్నం, ‘ప’ తాడేపల్లి. కోణంలో పక్కపక్కనే, కానీ మధ్యలో కృష్ణా నది! వ్యాన్ మళ్లీ ఊళ్లోకి వచ్చి వంతెన దాటాలి. తాడేపల్లిని విడిగా పెడితే మిగతా 90 ట్రేలకు మూడు, మొత్తం నాలుగు వ్యాన్లవుతాయి.

ఒక్కో గుంపులో షాపుల వరుసకు దగ్గరి షాపు ముందు అనే పద్ధతి, తర్వాత 2-opt వాడుతున్నాను. రోడ్డు దూరాలతో 2-opt చేశాక వచ్చే మొత్తం కిలోమీటర్లను బట్టి ఏ విభజన మంచిదో తేల్చడం సరైనదేనా? లేక స్వీప్‌కు ముందే నదికి రెండు ఒడ్లను విడదీయాలా? ఇలాంటి చోట చేసినవాళ్లు దయచేసి చెప్పండి.