సంతకం చేశాక సరుకు తక్కువని తేలింది, సరఫరాదారుకు ఉత్తరం ఎలా రాయాలి?

మలక్‌పేటలో మాకు కిరాణా దుకాణం ఉంది. నిన్న నూనె వచ్చింది. డెలివరీ చలానాలో 20 పెట్టెలు, పెట్టెకు 12 ప్యాకెట్లు అని ఉంది. డ్రైవరు తొందరపెడితే లెక్కించకుండా సంతకం చేశాను, అదే నా బాధ. తర్వాత చూస్తే 18 పెట్టెలే ఉన్నాయి. ఒక పెట్టె అడుగు తడిసి, నాలుగు ప్యాకెట్లు పగిలాయి. వెంటనే ఫొటోలు తీశాను, పగిలినవి పారేయలేదు.

ఉత్తరంలో ఇలా రాశాను: “ఫలానా చలానా ప్రకారం రావలసిన 240 ప్యాకెట్లలో 24 అందలేదు. అందినవాటిలో 4 పగిలాయి. ఈ 28 ప్యాకెట్లకు క్రెడిట్ నోట్ ఇవ్వండి, లేదా సరుకు పంపండి.”

తక్కువ వచ్చినవి, పగిలినవి విడిగా చూపడం సరైనదేనా? చలానాపై నా సంతకం ఉన్న సంగతి నేనే ముందుగా ప్రస్తావించాలా? క్రెడిట్ నోట్ వచ్చేదాకా ఆ 28 ప్యాకెట్ల సొమ్ము మాత్రమే ఆపి, మిగతాది చెల్లించవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.