మామయ్య కోల్డ్ స్టోరేజీలో పని, ఎంబీఏ ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

కొత్తపేట_కుర్రాడు: బీకాం అయ్యాక గుంటూరులో మా మామయ్య మిర్చి కోల్డ్ స్టోరేజీలో 26 నెలలుగా లెక్కలు చూస్తున్నా. అగ్రి బిజినెస్ కోర్సుకి వచ్చే వారం ఇంటర్వ్యూ. నిన్న మాక్‌లో "ఈ కోర్సే ఎందుకు" అంటే ఫ్యాకల్టీ, ప్లేస్‌మెంట్లు అన్నాను. "ఏ కాలేజీకైనా ఇదే చెప్తావుగా" అన్నారు, నోట మాట రాలేదు. టై కూడా కట్టుకోవాలా?

బెంజిసర్కిల్07: నాది ఐటీ. 8 నెలల గ్యాప్ మీదే సగం ఇంటర్వ్యూ గడిచింది, గోల్స్ అడగనే లేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

బ్రాడీపేట_అక్క: సొంతవాళ్ల దగ్గర చేసింది అనుభవం కింద లెక్కే రాదు తమ్ముడూ. ఫ్రెషర్‌నని చెప్పెయ్.

పట్నంబజార్: అక్కా, తప్పు చెప్పకండి. చుట్టరికం అడ్డం కాదు. జీతం బ్యాంకులో పడిందా, ఫారం 16 ఉందా అన్నదే చూస్తారు. నేను మూడేళ్లుగా పిల్లలకి మాక్‌లు తీసుకుంటున్నా.

బ్రాడీపేట_అక్క: మా తమ్ముడికి చేరే రోజున కాగితాలు లేవని గొడవైంది, మీరు వచ్చి చూశారా?

పట్నంబజార్: కాగితాలు లేకే కదా గొడవ, నేను చెప్పేదీ అదే! సరే, కుర్రాడి సంగతికి వద్దాం. నువ్వు చూసిన ఒక్క సమస్య చెప్పు. రైతు మిర్చి బస్తా, అదే టిక్కీ, స్టోరేజీలో పెట్టి, అక్కడ రాసిచ్చిన బాండు మీద అప్పు తెచ్చుకుంటాడు. టిక్కీ 45 కిలోలు, ధర కిలో 150 అనుకో, 6,750 సరుకు. 4,000 అప్పు, నూటికి ఏడాదికి 12 వడ్డీ, ఆరు నెలలకి 240. అద్దె 200 అనుకుంటే మొత్తం 440. అంటే కిలోకి దాదాపు 10 రూపాయలు పెరిగితేనే దాచినందుకు ఖర్చు తిరిగొస్తుంది, తూకం తగ్గితే ఇంకా ఎక్కువ పెరగాలి. "ఈ లెక్క నాకొచ్చు, ధర ఎటు పోతుందో అంచనా వేయడం రాదు, మీ సిలబస్‌లో కమోడిటీ మార్కెట్ల పేపర్ అందుకే కావాలి" అను. ఆ పేపర్ నిజంగా ఉందో లేదో ముందు చూసుకో, లేకపోతే అక్కడే దొరికిపోతావు. గోల్ కూడా దీని నుంచే రావాలి. ముందు మసాలా కంపెనీలో కొనుగోళ్లు, తర్వాత రైతు సంఘాల నిల్వలు. కన్సల్టింగ్ అన్నావంటే ఈ 26 నెలలు ఎందుకన్నది తేలదు.

బెంజిసర్కిల్07: విజయవాడలో మాక్‌కి ఎంత తీసుకుంటున్నారు?

కొత్తపేట_కుర్రాడు: మా దగ్గర బాండ్లన్నీ నేనే రాస్తాను, ఆ లెక్క ఇట్టే చెప్పగలను. కానీ మొదటి 11 నెలల జీతం చేతికే ఇచ్చారు, స్లిప్పులు లేవు. ఫారంలో 26 అని పెట్టేశాను.

బ్రాడీపేట_అక్క: చూశారా!

పట్నంబజార్: ఫారంలో ఆ 26 మార్చాలా అని ఆ కాలేజీకి ఇవాళే మెయిల్ పెట్టి అడుగు. ప్యానెల్ అడిగితే ఉన్నది ఉన్నట్టు 15 నెలలకే కాగితాలున్నాయని చెప్పు.