కుక్కల టీకాలకు విరాళాల అప్పీల్ రాస్తున్నాం, "50 రూపాయలకు ఒక ప్రాణం" అనొచ్చా?

కొర్లగుంట_వాలంటీర్
అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో చిన్న షెల్టర్. కొర్లగుంట, దాని చుట్టుపక్కల వీధుల్లో ఉండే కుక్కలకు వచ్చే నెల రేబిస్ టీకాలు వేయించాలని అనుకున్నాం. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టడానికి అప్పీల్ రాశాను. చదివి ఎట్లా ఉందో చెప్పండి:

"మీరిచ్చే 50 రూపాయలు ఒక మూగజీవి ప్రాణం కాపాడతాయి. రండి, తిరుపతిని రేబిస్ లేని నగరంగా మారుద్దాం. మా లక్ష్యం 500 కుక్కలు!"

టీకాకు 30, సిరంజికి 5, మిగతా ఖర్చులకు 15 వేసుకుని 50 అన్నాను. మా ప్రెసిడెంట్ గారికి బాగా నచ్చింది. నాకే ఏదో తేడాగా ఉంది.

చిత్తూరు_చిన్నోడు
బాగుంది అన్నా, పెట్టేయ్. 70 శాతం కుక్కలకు టీకా పడితే రేబిస్ ఆగిపోతుందని డబ్ల్యూహెచ్ఓ వాళ్ళే చెప్పారు. 500లో 350 వేసినా చాలు, "రేబిస్ లేని తిరుపతి" అని ధైర్యంగా రాసుకోవచ్చు.

లాబ్రడార్_నాన్న
30 రూపాయలకు టీకానా? మా వాడికి పోయిన నెల క్లినిక్‌లో 700 తీసుకున్నారు! అంటే నన్ను మోసం చేసినట్టేనా? ఆ 30 రూపాయల టీకా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, నేనూ అక్కడికే పోతా.

పశువైద్యం_రిటైర్డ్
లాబ్రడార్ గారూ, మీవాడికి బహుశా పార్వో, డిస్టెంపర్ కలిపిన టీకా వేసుంటారు. అది ఒక్కో డోసు ఒక్కో సీసాలో వస్తుంది, పైగా డాక్టరు ఫీజు ఉంటుంది. వీళ్ళు అడుగుతున్నది రేబిస్ ఒక్కదానికే, 10 డోసుల వయల్‌లో. రెండింటికీ పోలిక లేదు. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు.

చిన్నోడా, నువ్వు చెప్పిన 70 శాతం నిజమే. కాకపోతే అది ఆ ప్రాంతంలో ఉన్న మొత్తం కుక్కల్లో 70 శాతం, మనం కాగితం మీద రాసుకున్న లక్ష్యంలో కాదు. అది కూడా ఏటా నిలబెట్టుకోవాలి. ఏడాది తిరిగేసరికి కొన్ని చచ్చిపోతాయి, కొత్త పిల్లలు పుడతాయి, పక్క వీధివి వచ్చి చేరతాయి. 350 కుక్కలకు వేసి తిరుపతి మొత్తానికి మాట ఇవ్వకూడదు. రేపు ఎవరినైనా కుక్క కరిస్తే, "టీకాలు వేశారు కదా" అని ఆసుపత్రికి పోకుండా కూర్చుంటే ఏం చేస్తారు? ఇట్లాంటి పోస్టర్ నమ్మి ఊరుకున్న మనిషిని నా సర్వీసులో చూశాను. అదృష్టం బాగుండి బతికాడు.

లెక్కల_పంతులు
పదకొండేళ్ళుగా ఒక ట్రస్టుకు లెక్కలు రాస్తున్నాను. అప్పీల్ మాటలు తర్వాత చూద్దాం. తమ్ముడూ, ముందు మూడు సంగతులు చెప్పు. ఆ వీధుల్లో కుక్కలు ఎన్ని? 500 అని ఎక్కడి నుంచి వచ్చింది? ఒక పొద్దున ఎన్నింటిని పట్టగలరు?

కొర్లగుంట_వాలంటీర్
500 అంటే గుండ్రంగా ఉందని రాశాను సార్, అంతే. లెక్క పెట్టలేదు.

లెక్కల_పంతులు
అయితే రెండు రోజులు పొద్దున 5:30కి, చెత్త బండి రాకముందే, అవే వీధులు ఒకే దారిలో తిరిగి లెక్కపెట్టు. రెండింటిలో పెద్ద అంకె తీసుకో. అది కూడా కంటపడినవే. ఇళ్ళ వెనకవీ, కాలవల్లోవీ అందులో రావు.

కొర్లగుంట_వాలంటీర్ (నాలుగు రోజుల తర్వాత)
తిరిగాం సార్. మొదటి రోజు 212, రెండో రోజు 240. వల పట్టేవాళ్ళను అడిగితే పొద్దున తొమ్మిది లోపల 40 కుక్కలకు మించి కుదరదన్నారు. ఆ తర్వాత ఎండకు అవి బండ్ల కిందికి పోతాయట. అందుకే లక్ష్యం 200 కుక్కలు, ఐదు ఉదయాలు అనుకున్నాం. కొటేషన్లన్నీ తెచ్చాను:

వయల్ 300. 200 కుక్కలకు 20 వయల్స్ చాలు. కానీ తెరిచింది ఆ రోజే వాడేయాలి, చివర్లో మిగిలింది పారేయాలి అని డాక్టరు గారు చెప్తే 24 పెట్టాం, 7,200. సిరంజులు, సూదులు 1,100. వల పట్టే ఇద్దరికి రోజుకు 900 చొప్పున ఐదు రోజులకు 9,000. ఆటో 4,000. ఐసు 300. గుర్తుకు రంగు 600. డాక్టరు గారికి రోజుకు వెయ్యి, 5,000. ఇవి కాక వల పట్టేవాళ్ళు ఇద్దరికి, మా వాలంటీర్లు ఇద్దరికి ముందుగానే వేయించాల్సిన రేబిస్ టీకా మూడు డోసులు, 4,200.

మొత్తం 31,400. కుక్కకు 157 పడింది. అందులో టీకా 36 రూపాయలే! నా 50 ఎక్కడికి పోయిందో నాకే అర్థం కాలేదు.

బైరాగిపట్టెడ_అక్క
నీ 50లో మనుషులు లేరు తమ్ముడూ, అందుకే. సీసా ఒక్కటే చూశావు. కుక్క తనంతట తాను వచ్చి టీకా వేయించుకోదు కదా.

లెక్కల_పంతులు
అక్క చెప్పింది కరెక్టు. ఇంకో సంగతి చూడు. 157 అనేది సగటు మాత్రమే. ఎవరో 157 ఇస్తే మీరు ఒక కుక్కకు టీకా వేయలేరు. వల మనుషులు, ఆటో, డాక్టరు, అందరూ రోజు లెక్కన వస్తారు. అందుకని కుక్క లెక్కన అడగకు, ఉదయం లెక్కన అడుగు.

మనుషుల టీకా 4,200 ఒక్కసారి ఖర్చు, పక్కన పెట్టు. మిగిలిన 27,200ను ఐదుతో భాగించు, 5,440. అంటే ఒక ఉదయానికి 5,440, దాదాపు 40 కుక్కలు. ఇదే నీ అసలు కొలత. ఇప్పుడు ఎవరైనా "సగమే వస్తే ఏం చేస్తారు" అని అడిగితే జవాబుంది. 16,000 వచ్చిందనుకో, 4,200 పోగా 11,800, రెండు ఉదయాలు, 80 కుక్కలు. మిగిలే 920తో ఏం చేస్తారో ముందే రాసిపెట్టు. దాచిపెట్టాల్సిన అవసరమే రాదు.

న్యూజెర్సీ_తిరుపతి
నేను తిరుచానూరు రోడ్డులో పెరిగినవాణ్ణి. ఆ 31,400 మొత్తం నేనే పంపిస్తా, అకౌంట్ నంబర్ పెట్టండి. పదిమందినీ అడగడం ఎందుకు?

లెక్కల_పంతులు
మంచి మనసు బాబూ, కానీ ఆగు. నీ పాస్‌పోర్టు ఇంకా ఇండియాదైతే, నీ సొంత సంపాదన మామూలుగా బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరుడివైతే మాత్రం, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. వీళ్ళకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకపోతే తీసుకోకూడదు. అప్పీల్‌లో కూడా ఒక లైన్ రాయి తమ్ముడూ, లేకపోతే తెలియక పంపేస్తారు, తర్వాత మీకే టెన్షన్.

న్యూజెర్సీ_తిరుపతి
పోయిన ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది. అయితే మా అమ్మను ఇవ్వమంటా.

లెక్కల_పంతులు
అమ్మగారి సొంత డబ్బైతే సంతోషం. నువ్వు పంపింది ఆమె చేతి మీదుగా వస్తే అది వేరే కథ.

పశువైద్యం_రిటైర్డ్
ఐసు ఖర్చు చూశాక గుర్తొచ్చింది. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లగా ఉంటే చాలనుకుని వయల్స్‌ను ఐసులోనే ముంచేస్తారు కొందరు. గడ్డకట్టిన రేబిస్ టీకా పనికిరాదు. మళ్ళీ కరిగితే చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, అదీ ప్రమాదం. ఐసు ప్యాకుకు, వయల్‌కు మధ్య గుడ్డో అట్టో పెట్టండి, డబ్బాలో ఒక థర్మామీటర్ వేయండి.

బైరాగిపట్టెడ_అక్క
మాకు అదే జరిగింది డాక్టరు గారూ. రెండేళ్ళ క్రితం మా గ్రూపులో ఒక డబ్బాలో ఆరు వయల్స్ గడ్డకట్టాయి. పారేశాం. ఆ సంగతి ఫోటోతో సహా దాతలకు చెప్పాం. కమిటీలో పెద్ద గొడవైంది, "ఇంకెవరిస్తారు" అని. మరుసటి ఏడు ముగ్గురు మానేశారు. ఒకాయన మాత్రం థర్మామీటర్ కొనిచ్చి పంపాడు. చెప్పడం మంచిదేనా అంటే నాకిప్పటికీ పూర్తిగా తెలీదు. చెప్పకుండా ఉండలేకపోయాం, అంతే.

కొర్లగుంట_వాలంటీర్
మళ్ళీ రాశాను. చూడండి:

"కొర్లగుంటలో రెండు ఉదయాలు లెక్కపెడితే ఎక్కువలో ఎక్కువ 240 కుక్కలు కనిపించాయి. వాటిలో 200 కుక్కలకు ఐదు ఉదయాల్లో రేబిస్ టీకా వేయించాలని అనుకుంటున్నాం. మొత్తం ఖర్చు 31,400. ఒక ఉదయానికి 5,440, అందులో టీకా కంటే కుక్కను పట్టే మనుషుల కూలీ ఎక్కువ. 4,200 ఆ మనుషులకు, మా వాలంటీర్లకు ముందుగా వేయించే రేబిస్ టీకాకు. డబ్బు తక్కువ వస్తే ఉదయాలు తగ్గిస్తాం. ఎక్కువ వస్తే వచ్చే ఏడాది ఇవే వీధులకు దాచిపెడతాం, ఎందుకంటే ఈ టీకా మళ్ళీ వేయాలి. దీనివల్ల కుక్కల సంఖ్య తగ్గదు, కరవడం ఆగదు. కుక్క కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. ప్రతి ఉదయం ఎన్ని కుక్కలకు వేశామో ఆ రోజు సాయంత్రమే ఇక్కడ పెడతాం."

మా ప్రెసిడెంట్ గారు మాత్రం "కరవడం ఆగదు" లైన్ తీసేయమంటున్నారు. పైన గాయపడ్డ కుక్కపిల్ల ఫోటో పెట్టమంటున్నారు.

పశువైద్యం_రిటైర్డ్
ఆ లైన్ మాత్రం తీయొద్దు. టీకా వేసిన రోజే రక్షణ రాదు, కొన్ని వారాలు పడుతుందని కూడా కలుపు.

చిత్తూరు_చిన్నోడు
నిజాయితీ సరే అన్నా, ఇది చదివి ఎవరైనా ఇస్తారా? మెడికల్ రిపోర్టులాగా ఉంది. ఫోటో పెట్టాల్సిందే.

బైరాగిపట్టెడ_అక్క
ఫోటో పెట్టు, కానీ ఆ వీధి కుక్కదే పెట్టు. గాయపడ్డ పిల్లకూ రేబిస్ టీకాకూ సంబంధం ఏముంది? దానికి వైద్యం చేయిస్తారని ఇచ్చినవాళ్ళు అనుకుంటే?

కొర్లగుంట_వాలంటీర్ (పదమూడు రోజుల తర్వాత)
లైన్ ఉంచాం. ఫోటో మా వీధి చివర టీ కొట్టు దగ్గర పడుకునే నల్ల కుక్కది పెట్టాం. ఇప్పటివరకు 24,300 వచ్చింది, అంటే మూడు ఉదయాలు ఖాయం. ఈ రోజు మొదటిది అయింది. 40 అనుకుంటే 31 దొరికాయి. అందులోనూ 31వ కుక్క కోసం నాలుగో వయల్ తెరిచాం, తొమ్మిది డోసులు పారేశాం. సాయంత్రం పెట్టే పోస్టులో ఈ తొమ్మిదీ రాయాలా?

లెక్కల_పంతులు
రాయి. నాలుగు వయల్స్ అదనంగా పెట్టుకున్నది దీనికే కదా, ఆ లైనూ రాయి.

పశువైద్యం_రిటైర్డ్
వలలో పడ్డ కుక్కను టీకా వేయకుండా వదిలితే రేపు మళ్ళీ దొరకదు. నేనైనా తెరిచేవాణ్ణే. కానీ రేపటి నుంచి ఇంకో పని చేయండి. చివరి వయల్ తెరిచేముందు ఆ వీధిలో పెంపుడు కుక్కలున్న ఇళ్ళ తలుపు తట్టండి.

లాబ్రడార్_నాన్న
డాక్టరు గారూ, అయితే మావాణ్ణి తీసుకొస్తే వేస్తారా?